మీ ఉప్పెన పుస్తకం కొటేషన్ గురించి, మీ నోటుపుస్తకాల గురించి

విజయవాడ,
2025 నవంబరు 10

మాస్టారు గారికి నమస్కారాలు.

మీరు, అమ్మగారు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. దివిసీమ ఉప్పెన మీద మీరు రాసిన పుస్తకం ముద్రణకు కొటేషన్ పంపింది అక్టోబరు 27న. ఆ మరునాటి రాత్రే మొంథా తుఫాను తీరం దాటింది. కృష్ణా జిల్లాలో పొట్ట మీద, ఈనిక మీద ఉన్న వరి నేలకొరిగిందని పత్రికల్లో చదివినప్పుడు మొదట గుర్తుకు వచ్చింది మీ పొలమే. అలాంటి సమయంలో నేను పంపిన అంకెల కాగితం మీ చేతికి అందిందో లేదో, అందినా దానివైపు చూసే తీరిక మీకు ఉందో లేదో అనుకుంటూ ఇన్నాళ్లు ఆగాను. 3వ తేదీన ఒకసారి ఫోను చేశాను, కలవలేదు. మళ్లీ మళ్లీ చేసి విసిగించడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొటేషన్‌కు జవాబు ఈ వారమే కావాలని రాయడం లేదు. మీ రాతప్రతి ఉన్న నోటుపుస్తకాలు రెండూ నా దగ్గర ఉండిపోయాయి. వాటి క్షేమం మీకు చెప్పడం నా బాధ్యత. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ప్రెస్సు కింది అంతస్తు నుంచి ఇంట్లో పైగదిలోని ఇనుప బీరువాలోకి మార్చాను. ఒక్క చినుకు కూడా పడలేదు. ప్రతి పేజీకి జిరాక్స్ తీయించి ఆ కట్టను వేరే చోట ఉంచాను. కాబట్టి పుస్తకం వేయించాలని మీరు అనుకున్నా, ఇప్పుడు వద్దనుకున్నా అసలు ప్రతులు ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ ఇంటికి చేరతాయి.

ఇక కొటేషన్ సంగతి. ఆ కాగితాన్ని నిన్న మీ స్థానంలో కూర్చుని చదివి చూశాను. ప్రెస్సు వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉంది తప్ప, పాఠశాలలో ముప్పై ఏళ్లు పనిచేసిన పెద్దమనిషికి విడమరచి చెప్పినట్టు లేదు. ‘13 ఫారాలు, 26 ప్లేట్లు, 14 రీములు’ అని వరసగా రాసి కింద 53,660 రూపాయలు అని వేశాను. ఆ మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోవడం నా పొరపాటు. ఇప్పుడు చెబుతాను.

మీ పుస్తకం డెమ్మీ 1/8 సైజులో 208 పేజీలు వస్తుంది. ఒక పెద్ద కాగితం మీద అటు ఎనిమిది, ఇటు ఎనిమిది పేజీలు ముద్రించి మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. 208 పేజీలకు అవి పదమూడు. 500 ప్రతులకు 6,500 కాగితాలు, అంటే 13 రీములు. మెషీను మీద మొదట్లో పాడయ్యే కాగితాల కోసం ఇంకొక రీము కలిపాను. 70 జీఎస్ఎమ్ మ్యాప్‌లితో కాగితం, రీము 800 చొప్పున 11,200 రూపాయలు. ఫారానికి ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి చొప్పున 26 ప్లేట్లకు 6,500, వాటి ముద్రణకు 9,100. మీ చేతిరాతను టైపు చేసి, పేజీలు కట్టి, మూడు ప్రూఫులు దిద్దడానికి పేజీకి 45 చొప్పున 9,360. కవరు ముద్రణ, లామినేషన్ కలిపి 6,000. మీరు ఇచ్చిన పాత ఫొటోలకు ఆర్ట్ పేపరు మీద ఎనిమిది పేజీలు, 3,500. కుట్టు బైండింగు ప్రతికి 16 చొప్పున 8,000. నా కూలి, లాభం వీటిలోనే ఉన్నాయి, పైన ఇంకేమీ రాదు. ఒక్కో ప్రతి సుమారు 107 రూపాయలు పడుతుంది.

గమ్ బైండింగు చేస్తే తగ్గుతుంది కదా అని ఆ రోజు మీరు అడిగారు. తగ్గుతుంది. కానీ ఈ పుస్తకాన్ని ఊళ్లలో చేతులు మారుస్తూ చదువుతారు, వాళ్ల నాన్న పేరు, అక్క పేరు ఉన్న పేజీ కోసం పదేపదే తెరుస్తారు. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఉంటుంది. గమ్ మాత్రమే వేస్తే కొన్నాళ్లకే పేజీలు ఊడి చేతికి వస్తాయి. అందుకే కుట్టు వేయాలన్నాను. నా మాట తీసేసి గమ్ బైండింగే కావాలంటే అలాగే చేస్తాను, నాకు అభ్యంతరం లేదు.

300 ప్రతులు చాలనుకుంటే ఎంత అవుతుందో కూడా లెక్క వేశాను. టైపు, ప్లేట్లు, ముద్రణ ఖర్చు 500కైనా 300కైనా దాదాపు ఒకటే. కాగితం, కవరు, బైండింగు మాత్రమే తగ్గుతాయి. మొత్తం 45,460 అవుతుంది. ప్రతులు రెండు వందలు తగ్గినా డబ్బు ఎనిమిది వేలే తగ్గుతుంది, ఒక్కో ప్రతి 150 దాటుతుంది. అందుకని 300 వేయించమని నేను చెప్పలేను.

దానికన్నా మంచి దారి ఒకటి తోచింది. మీ రాతప్రతి చదివాక వచ్చిన ఆలోచన ఇది.

కొటేషన్ వేయడానికి పేజీకి ఎన్ని పదాలు వస్తాయో లెక్క చూసుకుంటే సరిపోయేది. కానీ మొదటి నోటుపుస్తకం తెరిచాక వదలలేకపోయాను. ప్రతి ఊరి పేరు కింద ఎర్ర సిరాతో గీత, చెప్పినవారి పేరు, అప్పటికి వారి వయసు, మీరు వారిని కలిసిన తేదీ. సొర్లగొంది దగ్గర ఒక పేజీలో, తుమ్మచెట్టు పట్టుకుని రాత్రంతా వేలాడిన ముసలాయన మాటలు మీరు ఉన్నవి ఉన్నట్టు రాశారు. ఆ మాటల మధ్యలో ‘ఇక్కడ ఆయన చాలాసేపు మాట్లాడలేదు’ అని బ్రాకెట్లో పెట్టారు. ఆ కింద రెండు గీతలు ఖాళీగా వదిలారు. టైపు చేసే అమ్మాయికి ఆ రెండు గీతల ఖాళీ అలాగే ఉంచమని చెప్పి పెట్టాను. పుస్తకం మా దగ్గర వేయించినా, మరెక్కడ వేయించినా ఆ ఖాళీని పూడ్చనివ్వకండి మాస్టారూ.

1977 నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెనకు, రాబోయే 2027 నవంబరు 19తో యాభై ఏళ్లు నిండుతాయి. పుస్తకం పెద్దగా రావలసింది అప్పుడే అని నాకు అనిపిస్తోంది. ఈలోగా డిజిటల్ ముద్రణలో వంద ప్రతులు వేసుకోవచ్చు. టైపు ఖర్చు 9,360, ప్రతికి 170 చొప్పున 17,000, మొత్తం 26,360. దీనికి ప్లేట్లు అక్కర్లేదు. బైండింగు మాత్రం గమ్‌తోనే ఉంటుంది, ఫొటోలు మామూలు కాగితం మీదే వస్తాయి. ఆ వంద ప్రతులు మీకు కథలు చెప్పిన ఇళ్లకు వెళతాయి. ఎవరి పేరైనా తప్పు పడితే, ఒక సంఘటనలో రోజో ఊరో తారుమారైతే వాళ్లే దిద్దుతారు. రాని పేర్లు కలుస్తాయి. ఆ దిద్దుబాట్లతో యాభయ్యో ఏట 500గానీ 1,000గానీ ఆఫ్‌సెట్‌లో వేయవచ్చు. అప్పుడు దిద్దిన పేజీలకు తప్ప టైపు ఖర్చు మళ్లీ తీసుకోను. ఇది మీకు నచ్చితేనే. మొదటే 500 వేయించాలని మీ మనసులో ఉంటే అదీ సరైనదే, పాత కొటేషన్ అలాగే ఉంది.

కొటేషన్ అడుగున ‘30 రోజులు చెల్లుతుంది’ అని ఉంటుంది. ఆ లెక్కన ఈ నెల 26తో గడువు ముగుస్తుంది. ఆ వాక్యం అన్ని కొటేషన్ల మీదా ఉండేదే. దాన్ని చూసి తొందరపడవద్దు. కాగితం ధర ఒక్కటే నా చేతిలో లేదు. అది మారితే ఆ మేరకు 11,200 అన్న అంకె మారుతుంది, మిగిలినవేవీ మారవు. సంక్రాంతి తరువాత చెప్పినా, కోతలు, నష్టాల లెక్కలు అన్నీ తెమిలాక చెప్పినా అంతే.

ఆ రోజు మీరు అడిగి, నేను తరువాత చెబుతానన్న సంగతులు రెండు ఉన్నాయి. ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇస్తారు. ప్రచురణకర్తగా మీ పేరే ఉంటుంది, దరఖాస్తు నింపడంలో సాయం చేస్తాను. రెండోది, పుస్తకం పాఠం తన కంప్యూటర్లో తెరుచుకుంటుందా అన్న మీ మనవడి ప్రశ్న. మేము పేజీలు కట్టేది అను ఫాంట్లలో, అవి వాళ్ల కంప్యూటర్లో తెరుచుకోవు. కాబట్టి మొత్తం పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి విడిగా ఇస్తాను. దానికి వేరే ఖర్చు లేదు.

ఒకవేళ ఇంకొక ప్రెస్సు వారితో మాట కుదిరి ఉంటే, లేదా ఈ ఏడు పంట పోయిన తరువాత పుస్తకం మీద డబ్బు పెట్టడం కుదరదనుకుంటే, నాతో చెప్పడానికి మొహమాటపడకండి. ‘ఇప్పుడు కాదు శ్రీనివాసూ’ అని ఒక్క ముక్క రాసినా చాలు, లేదా మీ మనవడి చేత ఫోనులో చెప్పించినా చాలు. కారణం అడగను. మళ్లీ కొటేషన్ గురించి ఉత్తరం రాయను. మా నాన్నగారు అచ్చు అక్షరాలు పేర్చిన రోజుల్లో మీ పాఠశాల పత్రికలు మా దగ్గరే ముద్రించారు. ఆ పరిచయం ఈ కొటేషన్‌తో మొదలైందీ కాదు, దీనితో ముగిసేదీ కాదు.

నోటుపుస్తకాల విషయంలో మాత్రం మీరు ఎలా చెబితే అలా చేస్తాను. మా బావగారు వచ్చే ఆదివారం, 16వ తేదీన, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వస్తున్నారు. ఆయన చేతికి ఇస్తే ఉదయం పదకొండు గంటలలోపు మీ ఇంట్లో అందుతాయి. పోస్టులో గానీ కొరియర్‌లో గానీ పంపే ధైర్యం నాకు లేదు. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండనిమ్మంటే బీరువాలో భద్రంగా ఉంటాయి. శుక్రవారంలోగా మీ నుంచి మాట రాకపోతే ఇక్కడే ఉంచమన్నారని అనుకుంటాను.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. పొలం సంగతి తెలుపగలరు.

ఇట్లు,
మీ శ్రీనివాసరావు