బి-వరుస ర్యాక్‌ను ఫోర్క్‌లిఫ్ట్ గుద్దిన ఘటనపై నివేదిక

గోదాం మేనేజర్ గారికి,
పంపుతున్నది: డే షిఫ్ట్ సూపర్‌వైజర్, విత్తనాల గోదాం, మడికొండ
ఘటన: 17 జూన్ 2025, మంగళవారం, ఉదయం 11.20
నివేదిక: 18 జూన్ 2025

జరిగింది

2 టన్నుల బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ పత్తి విత్తనాల ప్యాలెట్‌తో బి-వరుస నడవలోంచి లోడింగ్ డాక్ వైపు వస్తోంది. నడవ చివర ఎడమకు తిరిగేటప్పుడు బండి వెనక బరువు దిమ్మ కుడివైపు ర్యాక్ చివరి స్తంభానికి తగిలింది. మొదటి అంతస్తు నుంచి రెండు అట్టపెట్టెలు కింద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. హమాలీలు డాక్ దగ్గరే ఉన్నారు, నడవలో ఎవరూ లేరు.

ఆపరేటర్ వెంటనే బండి ఆపి, తాళం తీసి, తానే వచ్చి నాకు చెప్పాడు. 11.25కల్లా తాడు కట్టి ఆ నడవ మూసేశాం.

నష్టం

నేల నుంచి సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తులో స్తంభం లోపలికి నొక్కుకుపోయింది. మీటరు పొడవు స్కేలు ఆనించి కొలిస్తే వంపు 14 మి.మీ. వచ్చింది. ఫ్రేము లోతు దిశలో ఈ వంపు 3 మి.మీ. దాటకూడదు. దానికి రెట్టింపు దాటితే ర్యాక్ ఎరుపు శ్రేణిలోకి వస్తుంది, అంటే వెంటనే సరుకు దించాల్సిందే. అడ్డ పట్టీ ఒకటి వంగింది. బేస్ ప్లేటు దగ్గర ఒక యాంకర్ బోల్టు చుట్టూ కాంక్రీటు పెచ్చులూడింది. మొదటి బీము సేఫ్టీ పిన్ను ఊడిపోయింది.

ఆ బే మూడు అంతస్తుల్లో ఆరు ప్యాలెట్లు, ఒక్కోటి దాదాపు 700 కిలోలు. గుండు కట్టిన దారం వేలాడదీసి స్తంభం ఇంకా ఒరగడం లేదని చూసుకున్నాకే, కింద మనుషులెవరూ లేకుండా, రెండో బండితో పై అంతస్తు నుంచి కిందికి దించాం. మధ్యాహ్నం 2.10కి ఖాళీ అయింది.

ఎందుకు జరిగింది

సీసీ కెమెరాలో చూశాను. బండి మనిషి నడిచే వేగంతోనే ఉంది, లోడు కిందికే ఉంది. వేగం కారణం కాదు. కాకపోతే బండి బరువూ సరుకు బరువూ కలిస్తే నాలుగు టన్నులు దాటుతుంది, ఆ వేగంలో తగిలినా స్తంభం తట్టుకోదు.

అసలు కారణం నడవ. 4 మీటర్ల నడవలో ఎడమ వైపు పొడుగునా ప్యాలెట్లు పెట్టి ఉన్నాయి. వాటికి 1.2 మీటర్లు పోగా మిగిలింది 2.8. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది కాబట్టి ముందు భాగం ఎడమకు పోతే వెనక భాగం కుడికి ఊగుతుంది. ఎడమ ప్యాలెట్లను తప్పించడానికి ఆపరేటర్ కుడి ర్యాక్‌ను ఒరుసుకుని రావాల్సి వచ్చింది. తిప్పగానే వెనక భాగానికి చోటు లేదు.

మృగశిర కార్తె మొదలయ్యాక డీలర్ల ఆర్డర్లు ఒక్కసారి మీద పడ్డాయి. లారీలు ఆలస్యమైతే తీసిన సరుకు నడవలోనే ఉంచేయడం డిస్పాచ్‌లో అలవాటైంది. ఉదయం పది గంటలప్పుడే ఆపరేటర్ డిస్పాచ్ టేబుల్ దగ్గర "ఈడ తిరుగుడు కష్టమైతుంది సార్, ఇవి జరపుండ్రి" అన్నాడని ఇద్దరు హమాలీలు చెప్పారు. లారీ వస్తోంది కదా అని ఎవరూ జరపలేదు.

రెండోది, ఆ స్తంభానికి ఉండాల్సిన ఇనుప గార్డు లేదు. ఏప్రిల్‌లో నేల మరమ్మతుకు తీసి మళ్లీ బిగించలేదు. అది ఉంటే దెబ్బ దానికి తగిలేది.

ఆపరేటర్ జీతంలో కోత పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. అతను ముందే హెచ్చరించాడు, తగిలాక దాచలేదు. ఇవాళ కోత పెడితే రేపు ఇంకొకరు సొట్టపడ్డ స్తంభం ముందు ప్యాలెట్ నిలబెట్టి ఊరుకుంటారు. ఆ ర్యాక్ కింద హమాలీలు తిరుగుతారు.

తీసుకున్న, తీసుకోవాల్సిన చర్యలు

నడవలోని ప్యాలెట్లన్నీ నిన్న సాయంత్రమే తీయించాను. ఇకపై లారీ డాక్‌కు ఆనాకే సరుకు దించుతాం. ముందే దించక తప్పకపోతే డాక్ పక్కన పసుపు గీత గీసిన చోటే పెట్టాలి. ఆ గీత ఈ నెల 20లోగా గీయిస్తాను. నడవలో సరుకు కనిపిస్తే బండి ఆపేసే అధికారం ఆపరేటర్లకు ఉందని ఈ ఉదయం షిఫ్ట్ మొదట్లోనే డిస్పాచ్ వాళ్ల ముందు చెప్పాను. మీ సంతకంతో నోటీసు కూడా పెడితే మాట నిలుస్తుంది.

స్తంభాన్ని కొట్టి సరిచేసి వెల్డింగ్ పెట్టిద్దామని ఒక మాట వచ్చింది. దానికి నేను ఒప్పుకోలేదు. పలుచని రేకును వంచి చేసిన స్తంభం అది, వేడి చేసినా సుత్తితో కొట్టినా దాని బలం తిరిగి రాదు. స్తంభం, అడ్డ పట్టీ, పిన్ను, బోల్టు కొత్తవే కావాలి. ర్యాక్ తయారీదారుకు ఫొటోలు, కొలతలు పంపాను. కొటేషన్ రాగానే మీ ఆమోదం కావాలి.

బి-వరుసలో మిగతా స్తంభాలన్నీ కొలిచాం, వంపు లేదు. మిగిలిన వరుసలు శనివారంలోగా మెయింటెనెన్స్ వాళ్లు కొలుస్తారు, లేని గార్డులన్నీ అప్పుడే బిగిస్తారు.

మరమ్మతు అయ్యాక తయారీదారు ఇంజినీరు చూసి, ఎంత బరువు పెట్టవచ్చో రాసిచ్చేదాకా ఆ బే ఖాళీగానే ఉంటుంది. అక్కడ పట్టే ఆరు ప్యాలెట్లను డి-వరుసలో సర్దాం.

సూపర్‌వైజర్, డే షిఫ్ట్