26, శనివారం సాయంత్రం మన ప్లాన్

బావా,

ఈ కాగితం నీ టిఫిన్ డబ్బాతో పాటు పెడుతున్నా. తిన్నాక తీరిగ్గా చదువు. ఫోన్లో మెసేజ్ పెడితే గిరాకీల మధ్యలో పైపైన చూసి సరే అంటావు. నాకు ఆ సరే వద్దు, మొత్తం చదివి చెప్పే సరే కావాలి.

శనివారం మన పెళ్లి రోజు. నువ్వు ఈ వారమంతా ఎందుకు ముభావంగా ఉన్నావో నాకు తెలుసు. బయటికి తీసుకుపోలేను, చీర కొనలేను, గొలుసు విడిపించలేను అని నీ బాధ. గొలుసు కుదువ పెట్టింది అత్తమ్మ కంటి ఆపరేషన్ కోసం. ఆమె ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. నాకు ఆ విషయంలో మనసులో ఏమీ లేదు, ఉంటే నీకు చెప్పేదాన్ని. నాకు ఈసారి కావల్సింది ఒక్కటే. శనివారం సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పది దాకా నువ్వు నాకు కావాలి. ఇద్దరం కలిసి వండుకుందాం, కలిసి తిందాం. దానికి ఏమేం కావాలో, ఎంతవుతుందో అంతా ఆలోచించి పెట్టుకున్నా.

ముందు ఇంటి సంగతి. అత్తమ్మ శనివారం పొద్దున నర్సంపేట పోతోంది, చిన్నమామ వాళ్ల ఇంటికి. ఆదివారం సాయంత్రం దాకా రాదు. ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కాబట్టి ఆ ఖర్చు కూడా లేదు. నేనేం అడగలేదు, ఆమే అంది, "మీరిద్దరు జర నిమ్మలంగ ఉండుండ్రి" అని. అంటే ఆమెకూ అర్థమవుతోంది. తొమ్మిదింటికి ఆమె ఫోన్ చేస్తుంది, మాట్లాడదాం. అదొక్కటి తప్ప ఆ రాత్రి ఇంకే ఫోనూ ఎత్తొద్దు.

డబ్బుల లెక్క శనివారం చేయొద్దు. ఇది నేను బాగా ఆలోచించి చెప్తున్నా. మనం రాత్రి పూట పక్కపక్కన కూర్చుంటే చాలు, మాట కిరాయి దగ్గరికో, చిట్టీ దగ్గరికో, వడ్డీ దగ్గరికో పోతుంది. ఆ మాటలు అవసరమే, కానీ మన సాయంత్రాలన్నీ వాటికే పోతున్నాయి. అందుకే శుక్రవారం రాత్రి అన్నం తిన్నాక నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుందాం. 5వ తేదీ వడ్డీకి ఎంత పక్కన పెట్టాలి, కిరాయికి ఎంత, సిలిండర్‌కు ఎంత, అన్నీ రాసి తేల్చేద్దాం. తేలనివి తేలనట్టే రాసి నోట్‌బుక్ బీరువాలో పెడదాం. మళ్లీ ఆదివారం దాకా దాన్ని తీయొద్దు.

ఇక వంట. శనివారం కాబట్టి నీసు ఎలాగూ లేదు, మటన్ తేలేదన్న దిగులు నీకు అక్కర్లేదు. సర్వప్ప చేద్దాం. దాంతో పాటు మామిడికాయ పచ్చి పులుసు, అన్నం, చివర్లో మలీద ముద్దలు.

సర్వప్పే ఎందుకంటే, ఎండాకాలం సెలవుల్లో నానమ్మ దగ్గర మనం తిన్నది అదే కదా. నీకు అమ్మమ్మ, నాకు నానమ్మ, చేతి రుచి మాత్రం ఇద్దరికీ ఒక్కటే. అంచుల దగ్గర ఎర్రగా కరకరలాడే ముక్క నీకు కావాలని నువ్వు పొయ్యి దగ్గరే కూర్చునేవాడివి. నేను అడిగితే మాత్రం సగం విరిచి ఇచ్చేవాడివి. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు.

పిండి నేను రెడీగా ఉంచుతా. రేషన్‌లో వచ్చిన సన్నబియ్యంలోంచి కిలో తీసి కడిగి ఆరబెట్టా, గురువారం గిర్నిలో పట్టించుకొస్తా. శనగపప్పు సాయంత్రం ఐదింటికి నానబెడతా. పల్లీలు వేయించి పొట్టు తీసే పని మధ్యాహ్నమే అయిపోతుంది. మిగతాదంతా నువ్వు వచ్చాకే. ఉల్లిగడ్డలు సన్నగా తరగడం నీ పని, నీ చేతికి నాకంటే సన్నగా వస్తాయి. రెండు గ్లాసుల పిండిలో ఆ ఉల్లిగడ్డలు, నానిన పప్పు, పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర, దంచిన పచ్చిమిర్చి, ఉప్పు, కొంచెం కారం వేసి కలుపుదాం. నీళ్లు నేను పోస్తా, నువ్వు కలుపు. ఉల్లిగడ్డ కూడా నీళ్లు వదులుతుంది, అందుకే ఒకేసారి పోస్తే పిండి జారైపోతుంది. చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా ఉంటే చాలు.

నానమ్మ ఇచ్చిన సర్వ ఒకటి ఉంది. ఇంకొకటి పక్కింటి అక్కను అడిగా, ఇస్తానంది. రెండు ఎందుకంటే, వేడి సర్వలో పిండి అద్దితే చేతులు కాలతాయి, పిండి సమంగా పరుచుకోదు. ఒకటి పొయ్యి మీద ఉన్నప్పుడు రెండోదాన్ని చల్లార్చుకుని, లోపల నూనె రాసి, అడుగున, అంచుల మీదికి పలచగా అద్దుకోవచ్చు. వేలితో బొక్కలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేయాలి. మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు, అంచు సర్వను వదిలేదాకా. ఒక్కదాన్నే చేస్తే ఈ పని మహా విసుగు. ఇద్దరుంటే ఒకరు అద్దుతుంటే ఒకరు చూసుకుంటారు, మధ్యలో ఆ పది నిమిషాలు ఊరికే మాట్లాడుకోవచ్చు. నాకు నిజానికి ఆ పది నిమిషాలే కావాలి. నాలుగు సర్వప్పలు అవుతాయి. అంటే నాలుగు సార్లు అన్నమాట.

గ్యాస్ ఇంకో పదిహేను రోజులైనా రావాలి కాబట్టి మిగతావి పొయ్యి తక్కువ అడిగేవే పెట్టా. పచ్చి పులుసుకు మామిడికాయను మంట మీద తిప్పుతూ తోలు నల్లబడేదాకా కాలిస్తే చాలు, పచ్చిమిర్చి కూడా దాని పక్కనే. గుజ్జు పిసికి నీళ్లు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, పచ్చి ఉల్లిగడ్డ, వేయించి దంచిన నువ్వులు, జీలకర్ర వేసి, ఎల్లిపాయలు, ఎండుమిర్చితో పోపు పెడితే అయిపోతుంది. ఇది ముందే చేసి కుండ పక్కన చల్లగా పెడదాం. ఈ ఎండలకు అదే బాగుంటుంది. మలీదకు మధ్యాహ్నం చపాతీలు నాలుగు ఎక్కువ చేసి ఉంచుతా. వాటిని నువ్వు చేత్తో బాగా నలిపి పొడి చెయ్, నేను బెల్లం తురిమి, ఒక చెంచా నెయ్యి, రెండు యాలకులు వేస్తా. ఇద్దరం చెరో రెండు ముద్దలు చేద్దాం.

ఖర్చు చెప్తా. మామిడికాయ 15, ఉల్లిగడ్డలు అర కిలో 15, పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు కలిపి 20, పల్లీలు 20, నువ్వులు 20, గిర్నికి 10. రెండు మూరల మల్లెపూలు 40. మొత్తం 140. మొన్న కుట్టిచ్చిన జాకెట్‌కు 150 వచ్చింది, అందులోంచే ఇది. ఇంటి ఖర్చులోంచి ఒక్క రూపాయి తీయడం లేదు. నూనె, బెల్లం, పప్పు, బియ్యం, నెయ్యి ఇంట్లో ఉన్నవే. పూలు మాత్రం నువ్వే తేవాలి, డబ్బులు నేనిచ్చినా సరే. నువ్వు కొని తెచ్చి నువ్వే పెట్టాలి.

వేరే గిఫ్ట్ ఏదీ కొనొద్దు. దోస్తుల దగ్గర చేబదులు తీసుకుని కొనడం అసలే వద్దు. అలా కొన్నది నేను సంతోషంగా కట్టుకోలేను, నీకు అది తెలుసు.

తినేది బంగ్లా మీద. ఇంట్లో ఫ్యాన్ కింద కూడా ఉక్కపోస్తోంది. పగలంతా ఎండకు కాలిన స్లాబు రాత్రి దాకా సెగలు కక్కుతుంది, కాబట్టి పొద్దుగూకగానే నేను రెండు బకెట్ల నీళ్లు చల్లుతా, మళ్లీ ఎనిమిదింటికి నువ్వొకసారి చల్లు. ఓనరమ్మను అడిగా, పైన ఎవరూ రారంది. మర్నాడు అమావాస్య కాబట్టి వెన్నెల ఉండదు. గాజు గ్లాసులో నూనె దీపం పెడతా, గాలికి ఆరిపోదు. చాప, రెండు దిండ్లు, నీళ్ల చెంబు పైకి తీసుకుపోవడం నీ పని.

నేను పసుపు రంగు చీర కట్టుకుంటా, మన నిశ్చితార్థం నాటిది. నీ నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెడతా. పిండి మరకలు అవుతాయంటావు, కానీ వంటయ్యాక కాళ్లూ చేతులూ కడుక్కుని మార్చుకుందాం. ఎవరూ చూడకపోయినా మనం ఒకరికొకరం ముస్తాబవ్వాలి.

తిన్నాక ఒక పని ఉంది. ఈ ఏడాదిలో నేను చేసిన దాంట్లో నీకు బాగా నచ్చింది ఒకటి చెప్పాలి. నేనూ నీ గురించి చెప్తా. "అన్నీ నచ్చాయి" అంటే ఒప్పుకోను. నా దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది. ఆస్పత్రిలో అత్తమ్మ కంటికి కట్టు ఉన్నప్పుడు నువ్వు ఆమె తల దువ్వి జడ వేశావు. వంకరగా వేశావు. ఆ వార్డులో ఉన్న ఆడవాళ్లందరూ నిన్నే చూశారు, నేను కూడా. మిగతాది ఆ రోజు చెప్తా.

పొద్దున గుడికి మాత్రం పోదాం. నీకు డ్యూటీ తొమ్మిదిన్నరకు కదా, ఏడింటికల్లా వేయి స్తంభాల గుడికి పోయి వచ్చేయొచ్చు. అత్తమ్మను అక్కడి నుంచే హన్మకొండ బస్టాండ్‌లో దింపు.

ఇప్పుడు నీవల్ల కావల్సిన అసలు పని. సేటును ఈ రోజే అడుగు, శనివారం ఆరింటికి వదిలేయమని. బట్టల బజార్ నుంచి ఆ టైంలో ట్రాఫిక్‌లో అరగంట పడుతుంది. పోయిన వారమంతా పెళ్లిళ్ల గిరాకీలకు తొమ్మిది దాకా ఉన్నావు, ఆ మాట గుర్తు చెయ్. పెళ్లి రోజని చెప్పడానికి మొహమాటపడకు. ఆయన ఏమన్నాడో సాయంత్రం వచ్చి చెప్పు. ఏడున్నర అవుతుందంటే అదైనా సరే, బంగ్లా మీద కూర్చోవడం ఆలస్యం చేసుకుందాం. పచ్చి పులుసు నేను చేసి ఉంచుతా. పిండి మాత్రం నువ్వొచ్చేదాకా కలపను, సర్వ పొయ్యి మీద పెట్టను.