ఆల్జినేట్, అడిషన్ సిలికోన్: గట్టిపడే తీరు, తరచుగా జరిగే తప్పులు

గత వారం ప్రాక్టికల్‌లో పళ్ల ఇంప్రెషన్లలో జిప్సమ్‌తో పోసిన క్యాస్టులలో లోపం కనబడిన ప్రతిసారీ ‘మెటీరియల్ మంచిది కాదు’ అన్న సమాధానమే వినిపించింది. ఆ లోపాలలో చాలావాటికి కారణం ఈ రెండు ఇంప్రెషన్ పదార్థాలు గట్టిపడే రసాయన చర్యలోనే దొరుకుతుంది కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

ఆల్జినేట్ పొడిలో కరిగే ఆల్జినేట్ లవణం, కాల్షియం సల్ఫేట్, ట్రైసోడియం ఫాస్ఫేట్ ముఖ్యమైనవి. నీరు కలిసినప్పుడు విడుదలయ్యే కాల్షియం అయాన్లు మొదట ఫాస్ఫేట్‌తోనే చర్య జరుపుతాయి. ఆ ఫాస్ఫేట్ అయిపోయేదాకా ఉన్న వ్యవధే మనకు దొరికే పని సమయం. ఆ తరువాత కాల్షియం అయాన్లు ఆల్జినేట్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసి, తిరిగి ద్రవంగా మారని జెల్‌ను ఏర్పరుస్తాయి. నీరు వెచ్చగా ఉంటే ఈ చర్య వేగం పెరుగుతుంది. సమయాన్ని మార్చదలచినవారు నీటి ఉష్ణోగ్రతను మార్చాలి గాని పొడి, నీటి నిష్పత్తిని కాదు, ఎందుకంటే నిష్పత్తి మారితే జెల్ బలం, సాగే గుణం దెబ్బతింటాయి.

నోటి కణజాలం వెచ్చగా ఉండటం వల్ల దాన్ని తాకిన పొర ముందుగా గట్టిపడుతుంది. ఆ దశలో ట్రే కదిలితే లోపల ఒత్తిడి నిలిచిపోయి, బయటికి తీసిన తరువాత ఆకారం వంకరపోతుంది. జిగట పోయిన తరువాత కూడా రెండు మూడు నిమిషాలు ఆగి, ఊపకుండా ఒక్కసారిగా తీయాలి. అప్పుడే చిరుగుడు తగ్గుతుంది. జెల్‌లో అధికభాగం నీరే కనుక గాలిలో వదిలేస్తే కుంచించుకుపోతుంది, నీటిలో ఉంచితే ఉబ్బుతుంది. తడిగుడ్డ కప్పడం కొద్దిసేపటి ఉపాయమే తప్ప, పది పదిహేను నిమిషాల్లో జిప్సమ్ పోయడానికి ప్రత్యామ్నాయం కాదు.

అడిషన్ సిలికోన్ విషయం వేరు. ప్లాటినమ్ ఉత్ప్రేరకం సమక్షంలో వినైల్ సమూహాలు, సిలికాన్-హైడ్రోజన్ సమూహాలు నేరుగా కలిసిపోతాయి, ఆ చర్యలో ఉప ఉత్పత్తి ఏదీ వెలువడదు. కండెన్సేషన్ సిలికోన్‌లో ఆల్కహాల్ ఆవిరైపోవడంతో కలిగే సంకోచం ఇక్కడ లేనందున, సరిగా తీసిన ఇంప్రెషన్‌లో రోజుల తరబడి కొలతలు దాదాపు మారవు, రెండోసారి కూడా క్యాస్ట్ పోయవచ్చు.

అయితే ప్లాటినమ్‌కు గంధక సమ్మేళనాలు పడవు. లేటెక్స్ గ్లవ్స్‌తో ఈ సిలికోన్ పుట్టీ ముద్దను పిసికినా, చెక్కి సిద్ధం చేసిన పంటిని అవే గ్లవ్స్‌తో తాకినా, ఆ భాగం జిగురుగా మిగిలిపోవచ్చు. గట్టిపడని చోటు సరిగ్గా మార్జిన్ దగ్గరే, అంటే పంటిని చెక్కిన భాగపు అంచు దగ్గరే వస్తే ఇంప్రెషన్ మొత్తం వృథా. వినైల్ గ్లవ్స్ వాడడం మేలు. పని సమయం పెంచుకోవాలంటే పుట్టీని ముందుగా చల్లబరచవచ్చు, బేస్, క్యాటలిస్ట్ పాళ్లను మాత్రం మార్చకూడదు.

ఈ పదార్థం స్వభావతః నీటిని వికర్షిస్తుంది. ‘హైడ్రోఫిలిక్’ అన్న లేబుల్ ఉన్నా మార్జిన్ దగ్గర లాలాజలం, రక్తం నిలిస్తే వివరం పోతుంది. ఇక క్యాస్ట్ ఉపరితలమంతా సన్నని గుంటలతో నిండితే, కలిపేటప్పుడు గాలి చేరిందని వెంటనే తేల్చేయకండి: కొన్ని రకాల్లో పక్కచర్యగా హైడ్రోజన్ వెలువడుతుంది, దాన్ని పీల్చుకునే పల్లాడియమ్ లేని పదార్థమైతే జిప్సమ్ పోయడానికి కనీసం గంట ఆగాలి.