మూడో తరగతి అసెంబ్లీ: తొమ్మిది రోజుల బతుకమ్మ

శుక్రవారం ప్రార్థన అయ్యాక మనకు ఏడు నిమిషాలు ఇచ్చారు. పిల్లలు పదిహేడు మంది, అందరికీ పని ఉంది. మేడమ్, ఎవరినీ బట్టీ పట్టించకండి. ఎవరైనా మర్చిపోతే పక్కవాళ్లు చెవిలో చెప్తారు. మైకు వద్దన్న వాళ్లకు ఇవ్వొద్దు.

బల్ల మీద ఇత్తడి తాంబాలం పెడదాం. శివ మాట్లాడడు, గుమ్మడాకులు పరుస్తాడు.

అక్షర: అందరికీ నమస్కారం. బతుకమ్మ మన రాష్ట్ర పండుగ. రండి, పేరుద్దాం!

(పూల పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, తమ పువ్వు పెడుతూ చెప్పాలి.)

భవ్య: నేను తంగేడును. మన రాష్ట్ర పుష్పాన్ని.
చరణ్: నేను గునుగును. తెల్లగా ఉంటాను, రంగులో ముంచితే ఎర్రబడతాను.
రెహాన్: నేను బంతిని!
హాసిని: నేను చామంతిని!

(ఇప్పుడు పది మంది పళ్లేలతో వరుసగా నిలబడతారు.)

నిఖిల్: మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ. పెత్రమాస నాడు.
శ్రీజ: రెండో రోజు అటుకుల బతుకమ్మ. నాకు అటుకులు, బెల్లం ఇష్టం.
సాయి, నందిని (కలిసి): మూడో రోజు ముద్దపప్పు బతుకమ్మ.
దీపిక: నాలుగో రోజు నానబియ్యం.
తేజ: ఐదో రోజు అట్లు!

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం ఉండదు. ఈ రోజు వర్షిణిది. ఇంట్లో గలగలా మాట్లాడుతుందట, బడిలో మాత్రం నోరు విప్పదు. ఖాళీ పళ్లెం పట్టుకుని ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడితే చాలు, ఒక్క మాటా అక్కర్లేదు. అడిగితే తల ఊపింది. పళ్లెం బోర్లించి చూపిస్తానని సైగ చేసింది కూడా, అలాగే చేయనిద్దాం.

అందరూ (మెల్లగా): ఆరో రోజు బతుకమ్మ అలిగింది. నైవేద్యం లేదు.

ఇక్కడ మూడు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి. ఎవరూ నవ్వకుండా ముందే చెప్పాలి, అది వర్షిణి సమయం.

మణి: ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. చేదు కాదు, బియ్యప్పిండితో చేస్తారు!
కీర్తి: ఎనిమిదో రోజు వెన్నముద్దలు.

(సాయికి మాట తడబడుతుంది కాబట్టే నందినితో కలిపాను. ఇద్దరూ కలిసి అన్నప్పుడు గడగడా చెప్పేశాడు. నందినిని వేరే చోటికి మార్చొద్దు.)

లోకేష్: తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది!

అమూల్య పసుపు గౌరమ్మను తెచ్చి పైన పెడుతుంది. నిదానంగా నడవమనండి, పసుపు ముద్ద గురువారం సాయంత్రమే చేసి ఆరబెడతాను.

చివర అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరుగుతారు. చప్పట్లు మాత్రమే, పాట వచ్చిన వాళ్లు పాడతారు. మైకు లేకుండానే అందరూ ఒక్కసారి: "పోయి రావమ్మా, మళ్లీ రావమ్మా!"

పూలు గురువారమే తెమ్మని డైరీలో రాయించాను. తంగేడు త్వరగా వాడిపోతుంది, తడిగుడ్డలో చుట్టి ఉంచుదాం. వర్షిణి పళ్లెం నా బీరువాలో ఉంది.