దరఖాస్తు PGD25-03412 స్థితి తెలపమని ప్రవేశాల విభాగానికి లేఖ

విశాఖపట్నం,
21 జూలై 2025, సోమవారం.

డైరెక్టర్ గారికి,
ప్రవేశాల విభాగం,
విశ్వవిద్యాలయ పరిపాలనా భవనం, విశాఖపట్నం.

విషయం: రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ పీజీ డిప్లొమా 2025–26 ప్రవేశం – దరఖాస్తు నం. PGD25-03412 జూన్ 27 నుంచి "Hold" లోనే ఉండటం – జూలై 30 లోగా స్థితి తెలపమని కోరుతూ.

సూచిక: 1) హెల్ప్‌డెస్క్ టికెట్ నం. 7742, తేదీ 18-06-2025. 2) ఇన్‌వార్డ్ నం. 1186, తేదీ 11-07-2025. 3) తాత్కాలిక మెరిట్ జాబితాపై నా అభ్యంతరం, ఇ-మెయిల్, తేదీ 16-07-2025.

అయ్యా,

నమస్కారం. పై కోర్సుకు గడువులోగానే దరఖాస్తు చేశాను. ఫీజు మీ ఖాతాకు చేరింది, పత్రాలన్నీ అప్‌లోడ్ అయ్యాయి. అయినా నా పేరు పరిశీలనకు వెళ్లలేదు. జూలై 14న విడుదలైన తాత్కాలిక మెరిట్ జాబితాలోనూ లేదు. ఒకే అభ్యర్థి పేరున రెండు దరఖాస్తు నంబర్లు పుట్టడం, డిగ్రీ మెమోలో పేరు స్పెల్లింగ్ ఒక అక్షరం తేడాగా ఉండటం, ఈ రెండూ కలిసే ఫైలు ఆగిందని నాకు అర్థమైంది. రెండింటికీ కావలసిన ఆధారాలు జతచేస్తున్నాను.

నా వివరాలు:
పేరు (పదో తరగతి మెమో ప్రకారం): సిరిపురపు సాయి లిఖిత, SIRIPURAPU SAI LIKHITHA
తండ్రి పేరు: సిరిపురపు రామారావు
పుట్టిన తేదీ: 14-08-2003
కేటగిరీ: బీసీ-డి
అర్హత: బీఎస్సీ (జియాలజీ), 2024లో ఉత్తీర్ణత, సీజీపీఏ 8.12
కొనసాగించవలసిన దరఖాస్తు: PGD25-03412
రద్దు చేయవలసిన దరఖాస్తు: PGD25-03176
మొబైల్: దరఖాస్తులో నమోదైనదే, చివరి నాలుగు అంకెలు 4417

ఆధార్ నంబరు ఇ-మెయిల్‌లో రాయడం లేదు. రెండు దరఖాస్తుల్లోనూ ఒకే ఆధార్ ఇచ్చాను కాబట్టి మీ డేటాబేస్‌లో సరిచూడవచ్చు. ఈ లేఖ కూడా దరఖాస్తులో నమోదైన మెయిల్ ఐడీ నుంచే వస్తోంది.

మొదట ఫీజు సంగతి. జూన్ 9 రాత్రి 10:42కు దరఖాస్తు 03176 కోసం యూపీఐ ద్వారా ₹800 కట్టాను. ఖాతాలో డబ్బు తగ్గింది. కానీ గేట్‌వే పేజీ నుంచి పోర్టల్‌కు తిరిగి వచ్చే దగ్గర స్క్రీన్ ఆగిపోయింది. మళ్లీ లాగిన్ అయితే "Payment Pending" అని కనిపించింది. "Pay Now" బటన్ మాత్రం పనిచేయలేదు. మరుసటి రోజు, జూన్ 10, దరఖాస్తుకు ఆఖరు తేదీ. డబ్బు వెనక్కి వస్తుందో రాదో తేలేదాకా ఆగితే గడువు దాటిపోతుంది. అందుకని ఉదయం 9:15కు కొత్త దరఖాస్తు నింపి మరో ₹800 కట్టాను. దానికి వచ్చిన నంబరే 03412. రసీదు వెంటనే వచ్చింది.

రెండు చెల్లింపుల యూపీఐ రెఫరెన్స్ నంబర్లు ఇవి:

```
PGD25-03176  09-06-2025  Rs 800  516022417385
PGD25-03412  10-06-2025  Rs 800  516109530264
```

వ్యాపారి ఖాతాకు చేసిన యూపీఐ చెల్లింపులో డబ్బు కట్ అయి, అవతలివైపు ధ్రువీకరణ అందకపోతే లావాదేవీ జరిగిన ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతట అదే కస్టమర్‌కు తిరిగి రావాలని 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెబుతోంది. నా మొదటి ₹800 అలా తిరిగి రాలేదు. జూన్ 16న బ్యాంకులో అడిగితే ఈ లావాదేవీ విజయవంతమైందని, సొమ్ము అవతలి ఖాతాకు జమ అయిందని రాతపూర్వకంగా ఇచ్చారు. అంటే డబ్బు మీ వైపు చేరింది, చేరినట్టు పోర్టల్‌కు మాత్రం తెలియలేదు. పోర్టల్ స్క్రీన్‌లో ఎంత వెతికినా ఇది కనబడదు. పేమెంట్ గేట్‌వే వారు పంపే జూన్ 9, 10, 11 తేదీల సెటిల్‌మెంట్ రిపోర్టులో పై 12 అంకెల నంబరుతో వెతికితే దొరుకుతుంది. ఫైనాన్స్ విభాగం వారిని ఆ మూడు రోజుల రిపోర్టు అడిగితే చాలు.

రెండు దరఖాస్తుల్లో ఒకే ఆధార్ ఉండటంతో జూన్ 27న 03412 స్థితి "Hold – Duplicate Candidate"గా మారింది. 03176 ఇంకా "Payment Pending"లోనే ఉంది. జూలై 2న హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసినప్పుడు, రెండింట్లో ఒకటి రద్దయితే తప్ప రెండోది పరిశీలన జాబితాలోకి పోదని, ఆ రద్దు అభ్యర్థి లాగిన్‌లో కుదరదని, అడ్మిన్ లాగిన్‌లోనే చేయాలని చెప్పారు. వారంలో అయిపోతుందన్నారు. జూలై 9న సింహాచలం గిరి ప్రదక్షిణ రద్దీ ఉండటంతో, 11న గాజువాక నుంచి మీ కార్యాలయానికి వచ్చి రద్దుకు సమ్మతి తెలుపుతూ సంతకం చేసిన అర్జీ ఇన్‌వార్డ్ కౌంటర్‌లో ఇచ్చాను. ముద్ర వేసిన నకలు జతచేశాను. ఆ అర్జీ ఏ సెక్షన్‌కు వెళ్లిందో ఇప్పటికీ తెలియలేదు.

ఇక పేరు సంగతి. పదో తరగతి, ఇంటర్ మెమోల్లో, ఆధార్‌లో LIKHITHA అని ఉంది. డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమోలో LIKITHA అని పడింది, K తర్వాత H లేదు. తెలుగులో రాస్తే రెండూ లిఖితే. ఇంగ్లిషులో మాత్రం సిస్టమ్‌కు ఇద్దరు మనుషులు. డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయంలో సవరణకు దరఖాస్తు పెట్టాను, ఆ రసీదు జతచేశాను. సవరించిన మెమో వచ్చేలోపు పనికి వచ్చేలా, రెండు పేర్లూ నావేనని నోటరీ చేయించిన అఫిడవిట్ కూడా పెట్టాను. తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రాల్లోనూ ఒకటే.

పోర్టల్‌లో ఒక్కో ఫైలు 200 కేబీ దాటకూడదన్న నిబంధన ఉంది. నాలుగు పేజీల డిగ్రీ మెమోను అంత కుదిస్తే అక్షరాలు అలికినట్టయ్యాయి. పరిశీలకులకు H కనిపించకపోవడం స్కాన్ లోపమా, మెమో లోపమా అన్న సందేహం రావచ్చు. మెమోలోనే లేదు. ఇప్పుడు 300 డీపీఐలో స్కాన్ చేసిన 1.4 ఎంబీ ఫైలు పంపుతున్నాను. పదో తరగతి మెమోను డిజీలాకర్ నుంచి నేరుగా తీసుకున్న ప్రతిగా పెట్టాను. ఐటీ చట్టం కింద 2016లో వచ్చిన నియమాల ప్రకారం డిజీలాకర్ జారీ పత్రాలకు ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది కాబట్టి దానికి అటెస్టేషన్ అడగరని అనుకుంటున్నాను. అడిగితే ఒరిజినల్ పట్టుకుని వస్తాను.

కనుక మిమ్మల్ని కోరేది:

03176ను రద్దు చేసి, 03412ను "Hold" నుంచి తీసి పరిశీలనకు పంపండి. అఫిడవిట్ ఆధారంగా తాత్కాలికంగా అంగీకరించి, సవరించిన డిగ్రీ మెమోను సర్టిఫికెట్ల పరిశీలన రోజున గాని, మీరు చెప్పిన తేదీకి గాని చూపించే వీలు ఇవ్వండి. తాత్కాలిక జాబితాపై అభ్యంతరాలకు జూలై 18 ఆఖరు. నాది 16ననే పంపాను, కాబట్టి గడువులో అందినదిగా పరిగణించి తుది జాబితా తయారీలో చూడండి. అదనంగా కట్టిన ₹800 వాపసు సంగతి ఆ తర్వాతే. దరఖాస్తు ఫీజు తిరిగి ఇవ్వకూడదన్న నిబంధన ఉంటే ఆ మాట చెప్పండి చాలు, దానికోసం ఫైలు ఆపవద్దు.

స్థితిని 30 జూలై 2025, బుధవారం సాయంత్రం 5 గంటల లోగా ఈ మెయిల్‌కు తెలిపితే మేలు. ఆ తేదీ ఎందుకో కూడా చెప్పాలి. విజయనగరంలోని ఒక కళాశాలలో నాకు సీటు వచ్చింది. ఫీజు కట్టి ఒరిజినల్ టీసీ ఇవ్వడానికి ఆగస్టు 1 ఆఖరు. టీసీ ఒక్కటే ఉంటుంది. అక్కడ ఇచ్చాక ఆగస్టు 4న మీ దగ్గర జరిగే సర్టిఫికెట్ల పరిశీలనకు తేవడం కుదరదు. 30న తెలిస్తే 31న నిర్ణయం తీసుకుని ఆ కళాశాలవారికి కూడా సమయానికి చెప్పగలను, వారి సీటు వృథాగా పట్టుకుని కూర్చోను.

ప్రవేశాల రోజుల్లో మీ కార్యాలయం మీద ఎంత ఒత్తిడి ఉంటుందో కౌంటర్ ముందున్న వరుసలో నిలబడినప్పుడు చూశాను. 30 నాటికి నిర్ణయం తేలకపోతే, ఫైలు ఏ సెక్షన్‌లో ఉంది, ఏ తేదీకి తేలవచ్చు అన్న రెండు మాటలు రాసినా చాలు. దరఖాస్తు తిరస్కరించాలన్నదే నిర్ణయమైతే కారణం ఒక్క వాక్యంలో తెలపండి. అది కూడా నాకు ఉపయోగపడే జవాబే. ఫోన్ చేయాలనుకుంటే పనిదినాల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా అందుబాటులో ఉంటాను. సంతకం గాని, ఒరిజినల్ గాని కావాలంటే ఒక రోజు ముందు చెబితే వస్తాను.

ఇదే లేఖ సంతకంతో ఉన్న ప్రతిని రేపు, 22న, ఇన్‌వార్డ్ కౌంటర్‌లో ఇస్తాను. దాన్ని కొత్త అర్జీగా కాక 1186కు జత చేయమని కోరుతున్నాను. లేకపోతే మళ్లీ రెండు ఫైళ్లవుతాయి.

కృతజ్ఞతలతో,
ఇట్లు,
సిరిపురపు సాయి లిఖిత
పాత గాజువాక, విశాఖపట్నం – 530026

జతపరచినవి (అన్నీ పీడీఎఫ్, ఫైలు పేర్లు దరఖాస్తు నంబరుతో మొదలవుతాయి):

```
03412_01_payment_both.pdf
03412_02_bank_letter.pdf
03412_03_inward_1186.pdf
03412_04_ssc_digilocker.pdf
03412_05_degree_memo_300dpi.pdf
03412_06_affidavit.pdf
03412_07_name_correction_receipt.pdf
03412_08_objection_16july.pdf
```

కుల ధ్రువీకరణకు సచివాలయం ద్వారా తీసుకున్న ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ 03412లో ఇప్పటికే అప్‌లోడ్ అయి, స్పష్టంగా ఉంది. మళ్లీ పంపలేదు.

నకలు: హెల్ప్‌డెస్క్, టికెట్ 7742కు జవాబుగా.