పాపిడి

మా ఆవిడ కువైట్ వెళ్ళిన నాలుగో రోజుకి పిల్ల తల పిచ్చుక గూడైపోయింది.

చిన్నికి ఏడేళ్ళే గానీ జుట్టు మాత్రం పెద్దవాళ్ళకు మల్లే నడుం దాకా, పిడికిట్లో పట్టనంత ఒత్తుగా, రింగులు తిరిగి ఉంటుంది. మా అమ్మ పోలిక. మొదటి మూడు రోజులూ పక్కింటి పిన్ని జడలేసి బడికి పంపింది. తర్వాత ఆవిడ కూతురి పురుడికని అమలాపురం వెళ్తూ, "నీ వల్ల కాదు గానీ బాబ్ కటింగ్ చేయించెయ్‌రా అబ్బాయ్" అని ఓ సలహా పారేసి వెళ్ళింది. ఆ మాట పిల్ల చెవిన పడింది. రెండు చేతులతో తల పట్టుకుని మంచం కింద దూరింది.

"అమ్మొచ్చేదాకా కత్తిరించనివ్వను."

అమ్మొచ్చేది రెండేళ్ళకి.

నేను లారీ డ్రైవర్ని. ఇప్పుడంటే పిల్ల కోసం దూరం ట్రిప్పులు మానేసి కాకినాడ, రాజమండ్రి లోడ్లే పడుతున్నాను గానీ, అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తించి తాడు బిగించానంటే రాజస్థాన్ దాకా ఒక్క కాయ జారేది కాదు. రెండు జడలు ఎంతలే అనుకున్నాను.

దువ్వెన నడినెత్తిన పెట్టి ఒక్క లాగు లాగాను. రెండు పళ్ళు విరిగి జుట్టులోనే ఉండిపోయాయి. పిల్ల కెవ్వుమంది.

"నాన్నా, నేను లారీని కాదు!"

ఆ రోజు బడికి ఒక జడ లావుగా, ఒకటి సన్నగా వెళ్ళింది. సాయంత్రం రిబ్బన్లు రెండూ సంచిలో వచ్చాయి. నేనేమీ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టాను. డిసెంబరు చలికి కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉంది. గిన్నెలో వేడినీళ్ళు పోసి సీసా అందులో నిలబెడితే కాసేపటికి కరిగింది. అరచేతిలో పోసుకుని, జుట్టు పాయలు పాయలుగా విడదీసి మాడుకి పట్టించాను. చిన్ని కళ్ళు మూసుకుంది. బానే ఉంది గానీ, మళ్ళీ దువ్వెన తీసేసరికి మెడ బిగబట్టేసింది.

అప్పుడు నాకే సిగ్గేసింది. తాడు చిక్కుపడితే ఎవడైనా మొదట్లో పట్టి లాగుతాడా? లాగితే ఇంకా బిగుస్తుంది. కొస దొరకబుచ్చుకుని, అక్కణ్ణించి సడలించుకుంటూ పైకి రావాలి. క్లీనర్ కుర్రాడికి ఈ మాట వందసార్లు చెప్పుంటాను.

పాయని చిక్కుకి పైన ఎడం చేత్తో గట్టిగా పట్టుకున్నాను, లాగినా మాడుకి తెలియకుండా. కింద నాలుగు వేళ్ళ మేర దువ్వాను. అది జారాక ఇంకో నాలుగు వేళ్ళు పైకి. దువ్వెనకి లొంగనిచోట ఇంకో చుక్క నూనె వేసి వేళ్ళతోనే విడదీశాను. గంట పైనే పట్టింది. ఎడం చెవి వెనక చిక్కు మాత్రం ఉండలా గట్టిపడిపోయింది. వెంట్రుకా వెంట్రుకా తీస్తుంటే లోపల్నించి ఎండిన చామంతి రేక ఒకటి వచ్చింది. పిన్ని మూడు రోజులూ పైపైన దువ్వేసి జడ వేసిందన్నమాట.

"అమ్మ పెట్టింది, వెళ్ళేరోజు" అంది చిన్ని. నా చేతిలోంచి తీసుకుని వెళ్ళి పెన్సిల్ బాక్సులో పెట్టుకొచ్చి మళ్ళీ నా మోకాళ్ళ మధ్య కూర్చుంది.

ఏడున్నరకి వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఐదవుతుంది. తను పనిచేసే ఇంట్లోవాళ్ళు లేవకముందే మా ఆవిడ వంటగదిలోంచి గుసగుసగా మాట్లాడుతుంది.

"ఏవండీ, అలా కాదు. దువ్వెన కొస ముక్కుకి సూటిగా పెట్టి వెనక మెడ దాకా ఒకటే గీత లాగండి. సగం జుట్టు అటు కట్టేసెయ్యండి, అడ్డం రాకుండా. ఇప్పుడు మూడు పాయలు. సమానంగా! కుడిది మధ్యదాని మీదకి, ఎడమది మధ్యదాని మీదకి..."

ఫోను చెంబుకి ఆనించి చూస్తున్నాను. ఆవిడ చేతులు రెండూ గాల్లో ఆడుతున్నాయి, మధ్యలో జుట్టు ఉన్నట్టే. ఆ వేళ్ళని చూస్తూ నా వేళ్ళు కదిపాను. మరీ బిగిస్తే చిన్ని భుజం ఎగరేస్తోంది, వదిలేస్తే జడ ఉబ్బిపోతోంది.

కుడి జడ సగానికి వచ్చేసరికి లోపల్నించి ఎవరో పిలిచారు. ఆవిడ అటు తిరిగింది. స్క్రీన్ నల్లబడింది.

మిగతా సగం, ఎడమ జడ మొత్తం నేనే వేశాను. మడిచి, చెవుల పక్కకి తెచ్చి రిబ్బన్లు కట్టాను. చిన్ని అద్దంలో అటూ ఇటూ తల ఊపి చూసుకుంది. ఊడలేదు. కోడిపిల్లల వెంట పరిగెత్తింది. అప్పటికీ ఊడలేదు.

రాత్రి ఆవిడ మళ్ళీ చేసింది. "అటు తిరుగమ్మా, వెనక చూపించు."

చిన్ని తిరిగింది. కాసేపు ఏ మాటా లేదు.

"పాపిడి మారేడుమిల్లి ఘాట్ రోడ్డులా ఉంది" అంది.

"రేపు సరిగ్గా తీస్తాలే" అని ఫోను నా వైపు తిప్పుకోబోయాను.

"ఉండండి. ఇంకాసేపు అలాగే ఉంచండి."