పదో తరగతి జీవశాస్త్రం క్విజ్: మెదడా, వెన్నుపామా?

అందరూ కూర్చోండి, మొదలుపెడదాం. ప్రశ్న చదవడం అయ్యాక పది సెకన్లు టైం, జవాబు తప్పయితే పక్క జట్టుకి పాస్, వెనక బెంచీల నుంచి అందిస్తే ఆ ప్రశ్న రద్దు. ముందే చెప్తున్నా, ‘మెదడు ఆర్డర్ వేస్తుంది, వెన్నుపాము ఉత్త వైరు’ అనుకుని వచ్చినవాళ్లకి ఇవాళ మార్కులు పోతాయి.

1. మెదడును కప్పి ఉంచే మూడు పొరలేంటి? వాటిలో వెన్నుపాముకి లేనిది ఏది?

జవాబు: వరాశిక, లౌతికళ, మృద్వి. లేనిదంటూ ఏదీ లేదు, రెండింటికీ అవే పొరలు, లోపల అదే మస్తిష్క మేరుద్రవం. రెండో సగం ప్రశ్న కావాలనే అలా అడిగాను.

2. మస్తిష్కంలో బూడిద రంగు పదార్థం బయట ఉంటుంది. మరి వెన్నుపాములో?

జవాబు: లోపల, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో. నాడీకణ దేహాలు ఎక్కువగా ఉన్నచోట బూడిద రంగు, మైలీన్ తొడుగున్న తంతువులు ఉన్నచోట తెలుపు. వెన్నుపాము మధ్యలో కూడా కణదేహాలు ఉన్నాయంటే అక్కడా కొన్ని నిర్ణయాలు జరుగుతున్నాయనే కదా, ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

3. బాగా తాగినవాడు నడవాలనే అనుకుంటాడు, కాళ్లలో బలం కూడా ఉంటుంది, అయినా తూలుతాడు. ముఖ్యంగా ఏ భాగం పని దెబ్బతిన్నట్టు?

జవాబు: అనుమస్తిష్కం. నడవాలన్న ఆలోచన మస్తిష్కానిది, ఆ కదలికలు తడబడకుండా, శరీరం ఒరగకుండా సరిచేసే పని దీనిది. మెదడు సైజులో దాదాపు పదో వంతే గానీ, మెదడులోని మొత్తం నాడీకణాల్లో సగానికి పైగా ఇందులోనే ఉన్నాయి. ‘చిన్న మెదడు’ అని చెప్పినా మార్కు ఇస్తాను.

4. దాహం, ఆకలి, శరీర ఉష్ణోగ్రత – వీటిని చూసుకునేది ఏది?

జవాబు: హైపోథాలమస్. థాలమస్ అంటే తప్పు, అది ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మస్తిష్కానికి అందించే చోటు.

5. శ్వాస లయను నడిపించేది మజ్జిముఖం. అది బాగానే ఉన్నా, మెడ పైభాగంలో వెన్నుపాము పూర్తిగా తెగిపోతే మనిషికి ఊపిరి ఎందుకు ఆగిపోతుంది?

జవాబు: విభాజక పటలాన్ని కదిలించే నాడి మెడలోని 3, 4, 5 వెన్నునాడుల నుంచి బయల్దేరుతుంది. అంతకన్నా పైన తెగితే మజ్జిముఖం పంపిన ఆదేశం కిందికి చేరదు. గుండె అలా వెంటనే ఆగదు, ఎందుకంటే కొట్టుకునే లయ దానికి సొంతంగా ఉంది. మజ్జిముఖం ఆ వేగాన్ని పెంచడం, తగ్గించడం మాత్రమే చేస్తుంది. ఈ తేడా కూడా చెప్పిన జట్టుకి ఒక మార్కు అదనం.

6. కంట్లో దుమ్ము పడగానే రెప్ప మూసుకోవడం, వేడి పెనం తగిలి చెయ్యి వెనక్కి లాక్కోవడం, మోకాలి కింద తడితే కాలు ఎగరడం. వీటిలో వెన్నుపాముతో పని లేనిది ఏది?

జవాబు: రెప్ప మూసుకోవడం. ఆ దారి మొత్తం కపాల నాడులు, మెదడు కాండం మీదుగా సాగుతుంది. ప్రతీకార చర్య అనగానే వెన్నుపాము అనేస్తారు చాలామంది, అందుకే ఈ ప్రశ్న. దగ్గు, తుమ్ముల కేంద్రాలు కూడా వెన్నుపాములో కాదు, మజ్జిముఖంలో ఉన్నాయి. మిగతా రెండూ వెన్నుపామువే, కాకపోతే చెయ్యి లాక్కోవడంలో మధ్యలో సహసంబంధ నాడీకణాలు ఉంటాయి, మోకాలి విషయంలో జ్ఞాననాడీకణం నేరుగా చాలకనాడీకణాన్నే కలుస్తుంది. పెనం కాలిందన్న నొప్పి మస్తిష్కానికి తెలిసేసరికి చెయ్యి అప్పటికే వెనక్కి వచ్చేసి ఉంటుంది.

7. కపాల నాడులు 12 జతలు, వెన్నునాడులు 31 జతలు. మెడలో వెన్నుపూసలు 7 అయితే అక్కడి వెన్నునాడులు ఎన్ని జతలు?

జవాబు: 8. మొదటి జత, మొదటి పూసకి పైనుంచే బయటికి వస్తుంది, అందుకే ఒకటి ఎక్కువ. వెన్నునాడులన్నీ మిశ్రమ నాడులే, కపాల నాడుల్లో మాత్రం కొన్ని జ్ఞాననాడులు, కొన్ని చాలకనాడులు, కొన్ని మిశ్రమ నాడులు.

8. నడుములో సూది గుచ్చి మేరుద్రవం తీస్తారు కదా, వెన్నుపాముకి ఆ సూది ఎందుకు తగలదు?

జవాబు: పెద్దవాళ్లలో వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్లే, నడుములోని 1, 2 పూసల దగ్గరే ఆగిపోతుంది. సూది అంతకన్నా కింద గుచ్చుతారు, అక్కడ ఉండేవి నాడీ మూలాలు, ద్రవం మాత్రమే.

టై అయితేనే ఇది: 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ తల తీసేసిన కప్ప కాలిని గిల్లి చూశాడు. ఏం జరిగింది? తర్వాత ఆ కదలిక ఆగిపోవడానికి ఏం చేశాడు?

జవాబు: తల లేకపోయినా కప్ప కాలు ముడుచుకుంది. వెన్నుపామును నాశనం చేశాక ఎంత గిల్లినా కదల్లేదు. రెండు ముక్కలూ చెప్పిన జట్టే గెలిచినట్టు, ఒక్కటే చెప్తే సగం మార్కు.